అయిదు నిమిషాల వీడియో, నలభై ఒక్క రోజులు: చక్రవడ్డీ స్క్రిప్టు రాసిన నా అనుభవం

జూన్ 9న, బడులు తెరవడానికి ఇంకా మూడు రోజులుందనగా ఫోనొచ్చింది. మహిళా పొదుపు సంఘాల దగ్గర పనిచేసే ఒక అక్క. జూలైలో సభ్యులందరి మీటింగు ఉందట, అందులో వేయడానికి అయిదు నిమిషాల వీడియో కావాలట. దాచిన డబ్బు వడ్డీ మీద వడ్డీతో ఏళ్లు గడిచేకొద్దీ ఎలా పెరుగుతుందో చెప్పాలి. బొమ్మలు కదిలించే కుర్రాడు దొరికాడు, రాసే మనిషి దొరకలేదు. "మీరు లెక్కల టీచరే కదా, మీకెంతసేపు?" అంది. ఆరు వేలు ఇస్తామన్నారు, సగం ముందు, సగం వీడియో అయ్యాక.

నేను విజయనగరంలో పద్నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. చక్రవడ్డీ పాఠం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. రెండు సాయంత్రాల పని అనుకుని ఒప్పుకున్నాను. ఎవరైనా ఇలాంటి పని నెత్తిన వేసుకునే ముందు చదువుకుంటారని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి స్క్రిప్టు నిజంగానే రెండు సాయంత్రాల్లో అయిపోయింది. అసలు అంటే ఏమిటి, బారువడ్డీ అంటే ఏమిటి, చక్రవడ్డీ అంటే ఏమిటి, సూత్రం, ఉదాహరణ. మధ్యలో ఒక ఆవు కథ కూడా పెట్టాను: ఆవుకి దూడ పుడుతుంది, ఆ దూడ పెరిగి దానికీ దూడ పుడుతుంది, అసలు ఆవు ఒక్కటే అయినా మంద పెరుగుతుంది అని. నాకు తెగ నచ్చేసింది. జూన్ 12 రాత్రి ఫోన్లో టైమర్ పెట్టుకుని పైకి చదివాను. ఎనిమిది నిమిషాల నలభై సెకన్లు. మాటలు లెక్కపెడితే 870. అంటే నేను నిమిషానికి వంద మాటల చొప్పున చదువుతున్నాను. దాన్నిబట్టి అయిదు నిమిషాలకి అయిదు వందలు రాయొచ్చు అనుకున్నాను. బొమ్మల కుర్రాడు అదీ కుదరదన్నాడు. "మేడమ్, తెర మీద అంకె పడినప్పుడు మీరు మాట్లాడకూడదు. చదవడానికి వాళ్లకి రెండు మూడు సెకన్లు కావాలి. అలాంటివన్నీ కలిపితే నిమిషం పోతుంది. నాలుగు వందల మాటలు రాయండి చాలు."

870ని 400 చేయడమంటే సగానికి పైగా కోసేయడం. సూత్రం తీసేశాను, నిర్వచనాలు తీసేశాను. ఆవుని మాత్రం తియ్యలేకపోయాను. కుర్రాడు చెప్పినట్టు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమ వైపు తెర మీద కనిపించేది, కుడి వైపు చెవికి వినిపించేది రాసుకున్నాను. ఈ రెండు గళ్ల పద్ధతి వల్ల ఒక సంగతి వెంటనే బయటపడింది. ఎడమ వైపు అంకె ఉన్న ప్రతిచోటా కుడి వైపు కూడా అదే అంకె చదివేస్తున్నాను. తర్వాత ఖచ్చితమైన అంకె తెరకి వదిలేసి, నోటితో "నలభై వేల దాకా" అంటే చాలని అర్థమైంది.

జూన్ 22 ఆదివారం రాజాం పక్కనున్న ఒక ఊరికి తీసుకెళ్లారు. ఎవరి కోసం రాస్తున్నామో వాళ్లకే ఒకసారి చదివి వినిపించాలని అక్క పట్టుబట్టింది. ఈ పనంతటిలో నేను వద్దనుకుని, చివరికి చేసినందుకు బతికిపోయింది ఇదొక్కటే. రామాలయం అరుగు మీద పద్దెనిమిది మంది ఆడవాళ్లు కూర్చున్నారు. బొమ్మలు ఇంకా లేవు కాబట్టి చార్టు మీద అంకెలు రాసి, నేనే చదివాను.

"పది వేలు బ్యాంకులో వేశారనుకోండి. నూటికి ఏడు రూపాయల వడ్డీ..." అనేసరికి వెనక నుంచి ఒకావిడ అందుకుంది. "ఏడ్రూపాయల వడ్డీయా? బేంకోడు అంతిత్తాడేటమ్మా?" అరుగంతా ఒకటే నవ్వు.

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక తల తిరిగింది. మన ఊళ్లలో రూపాయి వడ్డీ, రెండ్రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి. ఏడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 84. ఏ పీక్కుతినే వడ్డీవ్యాపారో కూడా అంత అడగడానికి జంకుతాడు. నేను పుస్తకంలో రాసినట్టు ఏడాది లెక్క చెబుతున్నాను, వాళ్లు నెల లెక్క వింటున్నారు. "ఏడాదికి" అన్న మాట వాక్యం చివర్లో పెట్టాను, అది వచ్చేలోగా వాళ్ల మనసులో లెక్క అయిపోయింది. ఏడాదికి 7 శాతాన్ని వాళ్ల భాషలోకి మారిస్తే నూటికి నెలకి 58 పైసలు. "యాభై ఎనిమిది పైసల వడ్డీ" అనగానే ఎవరూ వివరం అడగలేదు, "తక్కువే" అన్నారు అంతే.

ఆవు కథకి వచ్చాను. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె, పేరు రాయను గానీ నేను మామ్మ అన్నాను, శ్రద్ధగా విని "మరి ఆవు సచ్చిపోతేనో?" అంది. ఇంకొకామె "దూడ కోడెదైతే?" అంది. ఇలా ఆవు గురించి పది నిమిషాలు నడిచింది, డబ్బు సంగతి అందరూ మర్చిపోయారు. బ్యాంకులో వేసిన డబ్బుకి లేని భయాలన్నీ ఆవుకి ఉంటాయని నాకెందుకు తట్టలేదో!

చివరికి "దీన్నే చక్రవడ్డీ అంటారు" అని చదివాను. నవ్వులు ఆగిపోయాయి. మామ్మ మొహం చూస్తే ఏదో తిట్టు విన్నట్టుంది. "సక్రవడ్డీ మంచిదేటమ్మా? మా మావ భూమి దాంతోనే పోయింది," అంది. ఆ తర్వాత ఆవిడ చెప్పిందే నా స్క్రిప్టుని మార్చేసింది. వాళ్ల మామగారు రెండ్రూపాయల వడ్డీకి నోటు రాసి అప్పు తెచ్చాడు. వడ్డీ కట్టలేదు. మూడేళ్లు నిండేసరికి షావుకారు వచ్చి నోటు తిరగరాయించుకున్నాడు, పాత వడ్డీ అంతా అసలులో కలిపి. మళ్లీ మూడేళ్లకి మళ్లీ తిరగరాశాడు.

మూడేళ్లే ఎందుకంటే, ప్రామిసరీ నోటుకి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది, కోర్టుకి వెళ్లినా చెల్లదు. అందుకని గడువు లోపల కొత్త నోటు. బస్సులో తిరిగొస్తూ టికెట్ వెనక లెక్క వేసుకున్నాను. పది వేలకి రెండ్రూపాయల వడ్డీ, మూడేళ్లకి 7,200. కొత్త నోటు 17,200కి. దాని మీద మరో మూడేళ్ల వడ్డీ 12,384. ఆరేళ్లకి 29,584. వడ్డీ అసలులో కలిపి తిరగరాయకపోతే 24,400 అయ్యేది. తేడా 5,184 రూపాయలు, అది పూర్తిగా వడ్డీ మీద వడ్డీ. నేను సూత్రం పెట్టి నేర్పుదామనుకున్నది ఆ అరుగు మీద అందరికీ ముందే తెలుసు. దాని పేరు నోటు తిరగరాయడం. వాళ్లు ఎప్పుడూ దాన్ని అప్పు వైపు నుంచే చూశారు.

కొత్త స్క్రిప్టు మొదటి వాక్యం ఆ బస్సులోనే పుట్టింది: "షావుకారు మూడేళ్లకోసారి నోటు తిరగరాస్తాడు, ఆయన కోసం. బ్యాంకులో దాచుకుంటే మూడు నెలలకోసారి తిరగరాసినట్టే, మీ కోసం."

నిజానికి ఆ మూడు నెలలన్న మాట ఆ రోజు నాకు తెలియదు. ముందు "ఏడాదికోసారి" అని రాశాను. మా వీధిలో బ్యాంకులో రిటైరైన బాబాయిగారొకరు ఉన్నారు. ఆయనకి జూన్ 25న చూపిస్తే కళ్లజోడు సర్దుకుని, "ఏడాదికోసారి కాదమ్మా, మన బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వడ్డీ మూడు నెలలకోసారి అసలులో కలుపుతారు," అన్నారు. పుస్తకంలో ఏడాది చొప్పునే లెక్క చెబుతాం కదా, అదే అలవాటుగా వచ్చేసింది. ఆయన ఎదురుగా కూర్చుని నాలుగు గీతలు గీయించారు. మొదటి మూడు నెలలకి పది వేల మీద 175. ఇప్పుడు అసలు 10,175. దాని మీద వచ్చే మూడు నెలల వడ్డీ 178. ఆ తర్వాత 181, ఆ తర్వాత 184. ఏడాది తిరిగేసరికి 10,719 దాకా.

ఇంటికొచ్చి ఎక్సెల్‌లో పెట్టాను. ఎవరికైనా పనికొస్తుందని ఇస్తున్నాను. చివరి 10 అన్నది ఏళ్లు, అది మార్చుకుంటే చాలు.

```
=10000*(1+0.07/4)^(4*10)
```

వచ్చిన జవాబు 20,016. రెండు సార్లు చూసుకున్నాను. 7 శాతం వడ్డీని మూడు నెలలకోసారి కలిపితే పదేళ్లకి డబ్బు సరిగ్గా రెట్టింపు, మీద పదహారు రూపాయలు. ఇరవై ఏళ్లకి 40,064. అంటే వీడియోకి ఇక గ్రాఫు అక్కర్లేదు. పదేళ్లకి ఒక్కసారి రెట్టింపు, పది ఇరవై అవుతుంది, ఇరవై నలభై అవుతుంది. వేళ్ల మీద చెప్పొచ్చు. మొదటి పదేళ్లలో పది వేలే వస్తే రెండో పదేళ్లలో ఇరవై వేలు ఎందుకొచ్చాయని ఒక్క ప్రశ్న వేసి ఆగితే, జవాబు వాళ్లే చెబుతారు. అసలు ఇరవై అయింది కాబట్టి. అదే బారువడ్డీ అయితే రెండు పదేళ్లకీ చెరో ఏడు వేలే, మొత్తం 24,000.

ముప్పై ఏళ్లకి 80 వేలు దాటుతుందని కూడా రాశాను. బాబాయిగారు దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశారు. మామూలుగా డిపాజిట్ పదేళ్లకి మించి వేయనివ్వరు, పదేళ్లకి మళ్లీ వేస్తే అప్పుడున్న రేటే వస్తుంది, ముప్పై ఏళ్లు 7 శాతమే ఉంటుందని ఎవరు మాటిస్తారు అన్నది ఆయన వాదన. నాకు ఆ 80 వేల మీద మమకారం, వదలబుద్ధి కాలేదు. రెండు రోజులు కొట్లాడి, ఇరవై ఏళ్ల దగ్గర ఆపి "రేటు ఇలాగే ఉంటే" అన్న మాట చేర్చాను. ఆయనదే రైటు.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది మొదటి ఏడాది. వడ్డీ మీద వడ్డీ వల్ల ఏడాదిలో ఎక్కువొచ్చింది ఎంత? బారువడ్డీ అయితే 700, ఇలా అయితే 719. పంతొమ్మిది రూపాయలు. మూడేళ్లకి తేడా 214. అయిదేళ్లకి 648. పదేళ్లకి వచ్చేసరికి 3,016. ఇరవై ఏళ్లకి 16,064. వీడియోలో ఏ అంకె ముందు చూపించాలి? కుర్రాడు ఇరవై ఏళ్ల అంకెతో మొదలెడదామన్నాడు, చూసేవాళ్లు ఆగుతారని. అలా చేస్తే ఏడాది తర్వాత పాసుబుక్కు తీసి చూసుకున్న మనిషి "మోసం" అంటుంది. నేను పంతొమ్మిది రూపాయలే ముందు పెట్టాను. "ఏడాదికి పంతొమ్మిది రూపాయలు. ఒక టీ, రెండు సమోసాలు." అక్కడ రెండు సెకన్లు నిశ్శబ్దం. ఆ తర్వాత పదేళ్లు.

జూలై 5న అదే అరుగు మీద రెండోసారి చదివాను. ఈసారి చక్రవడ్డీ అన్న మాట మొదట్లో లేదు, నోటు తిరగరాయడమే. మధ్యలో ఎవరూ ఆపలేదు. షావుకారు, మూడేళ్లు అనగానే ముందున్న వాళ్లు తలలూపారు. "మీ కోసం" దగ్గర ఒకామె పక్కావిడ మోచేతిని పొడిచింది. పంతొమ్మిది రూపాయల దగ్గర నవ్వారు, పరవాలేదు, నేను నవ్వాలనే పెట్టాను.

అయిపోయాక మామ్మ అడిగింది: "ఇరవై ఏళ్లకి నలభై వేలు సరే. అప్పటికి బియ్యం బస్తా ఎంతుంటాది?"

దానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేదు. నాలుగు వందల మాటల్లో ధరల పెరుగుదల ఇరకదని ముందే వదిలేశాను. ఆ రాత్రి ఆ ప్రశ్న మీదే కూర్చున్నాను. ఇరవై అయిదు కిలోల బస్తా ఇవాళ 1,500 అనుకుని, ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరుగుతాయని ఊహించి వేస్తే, ఇరవై ఏళ్లకి బస్తా 4,800 దాటుతుంది. ఇవాళ పది వేలకి ఆరున్నర బస్తాలు పైచిలుకు. ఆ పది వేలు ట్రంకుపెట్టెలో ఉంచితే అప్పుడు రెండు బస్తాలు. బ్యాంకులో వేస్తే ఎనిమిది బస్తాలు చిల్లర. డబ్బు నాలుగింతలైనా బియ్యం ఆరున్నర నుంచి ఎనిమిదికే వెళ్లింది. నిజం చెప్పాలంటే నా ఉత్సాహం కాస్త చల్లారింది. కానీ స్క్రిప్టులో దీనికంటే బలమైన చోటు ఇంకోటి లేదు. తెర మీద బస్తాల గుట్టలు మూడు, ఆరున్నర, రెండు, ఎనిమిది. ఇరవై సెకన్లు పట్టింది. ఆ ఇరవై సెకన్ల కోసం ఆవుని పూర్తిగా చంపేశాను. మామ్మ అన్నట్టే అయింది.

అదే రోజు ఇంకో సంగతి. అప్పటికే డిపాజిట్ వేసుకున్న ఒకామె, "నాకేటి పెరగలేదు, నెలకి యాభై ఎనిమిదే పడతాది," అంది. ఆమె పది వేలకి నెలనెలా వడ్డీ ఖాతాలో పడే రకం డిపాజిట్ తీసుకుంది. వడ్డీ బయటికి వచ్చేస్తుంటే ఇక తిరగరాయడానికేముంది? ఇరవై ఏళ్లయినా అసలు పది వేలే. వడ్డీ అసలులోనే కలిసే రకం కావాలంటే ఫారం నింపేటప్పుడు "క్యుములేటివ్" అన్న గడిలో టిక్కు పెట్టాలి, ఆ మాట ఆమెకెవరూ చెప్పలేదు. నేను రాసిన మూడు స్క్రిప్టుల్లోనూ అది లేదు! వీడియో చూసి సరదాపడి వెళ్లి తప్పు గడిలో టిక్కు పెడితే ఈ పెరుగుదల ఏదీ జరగదు. అందుకని నాలుగో నిమిషంలో ఆ మాటని తెర నిండా పెద్దక్షరాలతో తెలుగులో పెట్టించాం, పలకడం రాకపోయినా కౌంటర్లో చూపించొచ్చని. దాని వెనకే ఇంకో వాక్యం: "రెండ్రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఉంటే ముందు అది తీర్చండి, యాభై ఎనిమిది పైసలకి దాచుకోవడం తర్వాత."

చివరి స్క్రిప్టు 412 మాటలు. జూలై 12న రికార్డింగు. పెళ్లి వీడియోలు తీసే ఒక చిన్న స్టూడియో, గంటకి 400. గంట చాలనుకున్నాం, మూడు గంటలు పట్టింది. కరెంటు పోతే జనరేటర్ చప్పుడు మైకులో పడింది. గొంతు ఇచ్చిన అమ్మాయి చక్కగా చదివేది గానీ "యాభై ఎనిమిది పైసలు" దగ్గర తొందరపడి మింగేసేది. పదకొండు సార్లు చదివించాం. అందరికీ తెలిసిన అంకె కదా, దానికేమవుతుందని తను అనుకుంది. నాకేమో ఆ ఒక్కటీ సరిగా వినపడకపోతే మళ్లీ ఏడు రూపాయల నవ్వే.

ఖర్చు విషయానికొస్తే, స్టూడియో 1,200 వాళ్లే ఇచ్చారు. బస్సులు, ఆటోలు, చార్టులు, జిరాక్సులు కలిపి 860 నా చేతి నుంచే పోయాయి. ముందే మాట్లాడుకోవాల్సింది. ఒప్పుకున్న ఆరు వేలలో రెండో సగం ఇంకా రావాలి, వస్తుందంటున్నారు.

జూలై 20న మీటింగు. వీడియో అయిదు నిమిషాల ఏడు సెకన్లు వచ్చింది. హాల్లో ఫ్యాన్ల చప్పుడుకి సగం మాటలు వినపడలేదు, బస్తాల బొమ్మలు మాత్రం వెనక దాకా కనపడ్డాయి. అయ్యాక మామ్మ నా దగ్గరికొచ్చి, కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన డిపాజిట్ కాగితం తీసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివాను. నెలనెలా వడ్డీ రకమే. మధ్యలో తీసేస్తే వడ్డీలో కొంత కోస్తారని చెప్పాను. గడువు ఎప్పుడని అడిగింది. నవంబర్ 18. కాగితం మళ్లీ అలాగే నాలుగు మడతలు పెట్టి, "అయితే ఆ మాట ఒక చీటీ మీద రాసివ్వమ్మా, పెద్దక్షరాల్తో," అంది. నా డైరీలోంచి ఒక కాగితం చింపి రాసిచ్చాను.